గోడకి ఫలకం ఉంది, ఎద్దులకి లేదు

కె.ఆర్. మార్కెట్ మెట్రో స్టేషన్ దిగి పైకొస్తే ముందు చామంతి వాసన తగులుతుంది, వెంటనే హారన్ల మోత. ఆ రెండింటి మధ్య నుంచి ఎలాగో రోడ్డు దాటితే బెంగళూరు కోటలో మిగిలిన ముక్క కనిపిస్తుంది. ఢిల్లీ గేటు, బురుజులు, లోపల ఒక గణపతి గుడి. మిగతా కోటంతా రోడ్లలో, ఆసుపత్రుల్లో, బస్టాండుల్లో కలిసిపోయింది.

మొన్నొక ఆదివారం మా అక్క కొడుకుని అక్కడికి తీసుకెళ్ళాను. డిగ్రీ అయ్యాక జమ్మలమడుగు నుంచి వచ్చి, విజయనగర్‌లో పీజీలో ఉంటూ సివిల్స్‌కి చదువుతున్నాడు. పుస్తకాలకన్నా యూట్యూబులో యుద్ధాల వీడియోలే ఎక్కువ చూస్తాడని మా అక్క బాధ. కోట గోడకి ఒక రాతి ఫలకం ఉంది. 1791 మార్చి 21న బ్రిటిష్ దండు ఈ గండిలోంచే లోపలికి చొరబడిందని ఇంగ్లీషులో చెక్కి ఉంటుంది. వాడు దాని ముందు సెల్ఫీ తీసుకుని, "స్ట్రాటజీ అంటే ఇదే కదా మామా!" అన్నాడు.

"అది స్ట్రాటజీ కాదురా, గోడకి కన్నం," అన్నాను.

వాడికి కోపమొచ్చింది. చిక్‌పేటలో దోసె తింటూ మొదలెట్టిన వాదన వాణ్ణి పీజీ దగ్గర దించేదాకా సాగింది. ఆ వాదననే ఇక్కడ రాస్తున్నాను. రాసేది నేను కాబట్టి నా మాటలు కాస్త ఎక్కువ ఉంటాయి, తప్పదు.

గొడవలో సగం మాటతోనే వచ్చింది. తెలుగు పేపర్లకి అన్నీ వ్యూహాలే. ఎన్నికల పొత్తూ వ్యూహమే, ఆఖరి ఓవర్లో బౌలర్ని మార్చడమూ వ్యూహమే. మా ఆఫీసులో టీ కప్పులు మార్చడానికి కూడా స్ట్రాటజీ మీటింగ్ పెట్టారు. నిజానికి వ్యూహం అన్న మాట అసలు అర్థం సైన్యాన్ని మోహరించే తీరు. పద్మవ్యూహం, క్రౌంచవ్యూహం అన్నీ పొద్దున మోహరించి పొద్దుగూకేలోపు తేల్చుకునేవే. అంటే మనం స్ట్రాటజీకి వాడుతున్న మాటే పుట్టుకతో టాక్టిక్స్ మాట. భారతంలో అసలు పెద్ద లెక్క ఉద్యోగపర్వంలో నడిచింది. ఎవరు ఎవరి పక్షం, ఏది దక్కితే యుద్ధం మానుకోవచ్చు, ఐదూళ్ళు ఇస్తే చాలా, అన్నీ అక్కడివే. అభిమన్యుడి కథ చెప్పుకుని ఏడుస్తాం గానీ రాయబారం పద్యాల్లో ఆ బేరం ఎంత నిక్కచ్చిగా ఉందో పట్టించుకోం.

అందుకని ఈ వ్యాసంలో వ్యూహం అన్న మాట పక్కన పెడుతున్నాను. శత్రువు కళ్ళెదుట ఉన్నప్పుడు చేసేది ఎత్తుగడ, అంటే టాక్టిక్స్. శత్రువు ఎదుటికి ఎన్నో తారీకుకి, ఎంతమందితో, కడుపులో ఏం వేసుకుని చేరతావు, ఒక పోరు గెలిచాక దాన్ని తర్వాతి పోరుకి ఎలా ముడేస్తావు అన్నది ఆపరేషన్. దానికి నేను దండు నడక అంటాను. అసలు ఈ యుద్ధం ఎందుకు, ఎవరిని కలుపుకుని, ఎవరి డబ్బుతో, చివరికి ఎలాంటి సంధి కోసం అన్నది మహానీతి, గ్రాండ్ స్ట్రాటజీ. రెండో దానికీ మూడో దానికీ మధ్య ఉత్త స్ట్రాటజీ అనే ఇంకో మెట్టు కూడా పండితులు చెప్తారు. ఇవాళ్టికి మూడు మెట్లు చాలు. మధ్య మెట్టుకి విడిగా పేరు పెట్టింది 1920ల్లో స్వెచిన్ లాంటి సోవియట్ సైనిక రచయితలు. 1791లో మైసూరు టిప్పు సుల్తాను మీదికి ఈస్టిండియా కంపెనీ దండుని నడిపిన గవర్నర్ జనరల్ కారన్‌వాలీసుకి ఆ పేరు తెలియదు. ఆ పని మాత్రం దెబ్బ తిని మరీ నేర్చుకున్నాడు.

ముందు గోడ సంగతి. మా వాడికి న్యాయం చెయ్యాలి కదా.

కారన్‌వాలీసు 1791 మార్చి 5న బెంగళూరు ముందు దిగాడు. కోటకి ఉత్తరాన పేట ఉండేది. ఇప్పటి చిక్‌పేట, బళేపేట, నగర్తపేట సందులన్నీ అదే. చుట్టూ కందకం, ముళ్ళ కంచె. మార్చి 7న పేటని పట్టుకున్నారు. టిప్పు దాన్ని వెనక్కి లాక్కోవాలని దళాలు పంపితే, ఆ ఇరుకు సందుల్లో బాయినెట్లతో పొడుచుకుని, ఎక్కువ మందిని పోగొట్టుకుని వెనక్కి తగ్గాల్సొచ్చింది. తర్వాత రెండు వారాలు పేట వైపు నుంచి కోట గోడని ఫిరంగులతో కొట్టారు. రాతి గోడ ఒక్కసారిగా పడదు. ఒకేచోట కింది నుంచి పైకి కొడుతూ పోతే, రాలిన రాయీ మట్టీ కందకంలో పడి ఎక్కడానికి వాలు తయారవుతుంది. దాన్నే గండి అంటారు. 21 రాత్రి వెన్నెల్లో ఆ వాలు మీదుగా ఎక్కారు. ఖిల్లాదారు బహదూర్ ఖాన్ వెనక్కి తగ్గకుండా పోరాడి అక్కడే చనిపోయాడు. టిప్పు తన సైన్యంతో దగ్గర్లోనే ఉండి కూడా కోటని కాపాడలేకపోయాడు.

ఇదంతా ఎత్తుగడ. పొగడాల్సిన ఎత్తుగడే. చీకటి పడ్డాక, శత్రువు సాయం అందేలోపు, గండి దగ్గర ఎంతమందిని ఎంత వేగంగా కుమ్మరించావన్నది లెక్క. ఫలకం మీద చెక్కింది ఈ ఒక్క రాత్రినే.

"మరి ఈ గోడ పడకపోతే వాళ్ళు గెలిచేవాళ్ళా?" అన్నాడు మా వాడు.

మంచి ప్రశ్న. నేను దాన్ని తిప్పి వేశాను. అసలు ఈ గోడ దాకా ఎలా వచ్చారు?

మద్రాసు మైదానం నుంచి మైసూరు పీఠభూమి మీదికి రావాలంటే కనుమలు ఎక్కాలి. కారన్‌వాలీసు వేలూరు దగ్గర దండు కూడగట్టి, అంబూరు వైపు నుంచి ఎక్కబోతున్నట్టు హడావిడి చేశాడు. టిప్పు కళ్ళు అటే ఉన్నాయి. ఇతను మాత్రం ఉత్తరానికి తిరిగి, చిత్తూరు దాటి, మొగిలి కనుమ ఎక్కి ఫిబ్రవరిలో పలమనేరు చేరాడు. కోడూరు, చిత్తూరు మీదుగా బెంగళూరు బస్సెక్కే మనవాళ్ళందరికీ తెలిసిన ఘాటే అది, ఇప్పటికీ లారీలు మొదటి గేరులో మూలుగుతూ ఎక్కుతుంటాయి. గోడలు పగలగొట్టే పెద్ద ఫిరంగుల్లో 24 పౌన్ల గుండు వేసే దాని గొట్టం ఒక్కటే సుమారు రెండున్నర టన్నులు. ఎద్దులు ముందు లాగుతుంటే ఏనుగులు వెనక నుంచి నుదుటితో నెట్టేవి. అడ్డొచ్చినవాడు లేడు. ఒక్క పోరు కూడా లేకుండా సైన్యం మొత్తం పీఠభూమి మీద తేలింది, తర్వాత కోలారు, హోసకోట చులాగ్గా దొరికాయి. దండు నడకలో ఇది మేలురకం పని. మొగిలిలో ఏ ఫలకమూ లేదు, మహాశివరాత్రికి వెళ్ళే గుడి మాత్రం ఉంది.

ఇక్కడ ఆగితే కారన్‌వాలీసు గొప్పవాడని చెప్పి ముగించొచ్చు. కానీ ఈ కథలో నాకు నచ్చే భాగం ఆ తర్వాతి రెండు నెలలు. గెలుస్తూ గెలుస్తూ ఓడిపోవడం ఎలాగో అక్కడ తెలుస్తుంది.

మే 4 ప్రాంతంలో బెంగళూరు నుంచి శ్రీరంగపట్నానికి బయల్దేరారు. మామూలు దారి చన్నపట్న మీదుగా, ఇప్పటి మైసూరు రోడ్డు వైపు. టిప్పు ఆ దారిలో గడ్డి తగలబెట్టించాడు, ఊళ్ళు ఖాళీ చేయించాడు. అందుకని దక్షిణంగా కనకపుర దారి పట్టారు. అక్కడా అదే కథ. మే 13కి అరకెరె చేరారు. 15న యుద్ధం జరిగింది. టిప్పు ఓడి, శ్రీరంగపట్నం ఫిరంగుల నీడలోకి వెనక్కి తగ్గాడు. రాజధాని కళ్ళెదుట కనిపిస్తోంది. ఒక వారం తిరిగేసరికి, మే 22న, కారన్‌వాలీసు తన ముట్టడి ఫిరంగుల్ని తనే పగలగొట్టించాడు. 26న తిరుగుముఖం పట్టాడు. గెలిచిన సేనాపతి తన ఆయుధాలు తనే నాశనం చేసుకుని వెళ్ళిపోయాడు.

ఎందుకంటే ఎద్దులు చచ్చిపోయాయి.

దీన్ని కాగితం మీద లెక్క కడితేనే అర్థమవుతుంది. ఇది నా ముతక లెక్క, సైన్యం పద్దు కాదు. పోరాడేవాళ్ళు 20,000 మంది అనుకుందాం. అప్పటి సైన్యం అంటే నడిచే ఊరు. సిపాయిల కుటుంబాలు, గడ్డి కోసేవాళ్ళు, చాకళ్ళు, అంగళ్ళవాళ్ళు అంతా కలిసి ఇంకో రెండింతలు. అంటే 60,000 నోళ్ళు. మనిషికి రోజుకి 900 గ్రాముల బియ్యం వేసుకున్నా రోజుకి 54 టన్నులు. ఒక ఎద్దు వీపు మీద 80 కిలోలు వేస్తే, ఒక్కరోజు తిండికి దాదాపు 700 ఎద్దులు. ఇరవై రోజుల తిండి వెంట తీసుకెళ్ళాలంటే 14,000 ఎద్దులు. ఇంకా గుండ్లు, మందు, గుడారాలు, ఫిరంగులు లెక్కలోకి రాలేదు.

ఆ 14,000 ఎద్దులూ తినాలి కదా. రోజుకి ఎనిమిది కిలోల ఎండుగడ్డి చొప్పున వేసినా 112 టన్నులు. మనుషుల తిండికి రెండింతలు! ఆ గడ్డిని మోసుకెళ్ళడానికి ఇంకొన్ని ఎద్దులు కావాలి, వాటికి మళ్ళీ గడ్డి. ఈ లెక్కకి అంతు లేదు. అందుకే ఏ సైన్యమూ గడ్డి మోయదు, దారిలో దొరికేదాన్ని మేపుకుంటూ పోతుంది. టిప్పు తగలబెట్టింది సరిగ్గా దాన్ని. దానికి తోడు ఆ ఏడు మే నెలలోనే వానలు పట్టుకున్నాయి. బక్కచిక్కిన ఎద్దుకి చలివాన తగిలితే లేవదు. చివరి మజిలీల్లో సిపాయిలే తాళ్ళు పట్టి ఫిరంగుల్ని బురదలో లాగారు. శిబిరంలో మశూచి కూడా వచ్చింది. మలబారు నుంచి కొడగు మీదుగా వచ్చి పెరియపట్న దగ్గర కాచుకున్న కంపెనీ సేనాని అబర్‌క్రాంబీ దళం కావేరికి అవతల ఉండిపోయింది. నదిలో నీరు పెరుగుతోంది.

కంపెనీతో చేతులు కలిపిన నిజాం పంపిన గుర్రపు దళం సంగతి చెప్పకపోతే కథ సగమే. ఏప్రిల్‌లో బెంగళూరుకి ఉత్తరాన వచ్చి కలిసింది. కాగితం మీద 10,000 గుర్రాలు. టిప్పు గస్తీ దళాల్ని దూరంగా తరిమి, గడ్డీ గింజా తెచ్చిపెడతారని ఆశ. వాళ్ళు శిబిరం దాటి పోవడానికే జంకారు, ఉన్న గడ్డి మాత్రం మేసేశారు. పెళ్ళికి పనిచేస్తామని వచ్చి బంతిలో ముందు కూర్చునే చుట్టాల్లాగా.

అందరికన్నా బాధ కలిగించేది తిరుగు ప్రయాణంలో జరిగింది. ఒకటి రెండు రోజులు నడిచారో లేదో, ఎదురుగా గుర్రపు దళం కనిపించింది. శత్రువులనుకుని తుపాకులు ఎక్కుపెట్టారు. తీరా చూస్తే కంపెనీకి మిత్రులైన మరాఠాలు! హరిపంత్, పరశురాంభావుల సైన్యం, వెంట నిండు బజారు. ధాన్యం ఉంది, ఎద్దులున్నాయి, ధరలు మాత్రం మండిపోతున్నాయి. వాళ్ళు ఇంత దగ్గరకొచ్చారని కారన్‌వాలీసుకి ఒక్క కబురూ అందలేదు. వాళ్ళు పంపిన ఉత్తరాలన్నిటినీ టిప్పు తేలిక గుర్రపు దళాలు దారిలోనే పట్టుకున్నాయి. నాలుగు రోజుల ముందు ఒక్క హర్కారా చేరి ఉంటే ఆ ఫిరంగులు పగిలేవి కావేమో. అరకెరెలో పదాతి దళం చెయ్యలేని పనిని, ఉత్తరాలు మోసేవాళ్ళని పట్టుకున్న రౌతులు చేసి చూపించారు. ఆ మే నెలలో యుద్ధం గెలిచింది టిప్పే అని నా అభిప్రాయం. ఎత్తుగడలో ఓడి, దండు నడకలో గెలిచాడు.

"అంటే వీరత్వానికి విలువ లేదా మామా? ఎద్దులే గెలిపిస్తాయా?" అని మా వాడు గొంతు పెంచాడు.

అలా నేననలేదు. లోపం ఏ మెట్టు మీద ఉందో పట్టుకోవడానికి నేను వాడే పరీక్ష ఒకటుంది, అది చెప్పాను. ఈ పోరుని ఇంకా గొప్పగా గెలిచి ఉంటే కథ మారేదా? అరకెరెలో కారన్‌వాలీసు రెండింతలు గెలిచాడనుకో, ఎద్దులు లేచి నిలబడవు. కాబట్టి లోపం ఎత్తుగడలో లేదు, పై మెట్టులో ఉంది. ఇప్పుడు అదే పరీక్ష నీ గోడకి పెట్టు. మార్చి 21న గండి దగ్గర ఓడి ఉంటే? పేటలో దొరికిన గడ్డీ గింజలూ అప్పటికే అయిపోవస్తున్నాయి, టిప్పు సైన్యం చెక్కుచెదరకుండా పక్కనే ఉంది. వాళ్ళు కనుమ దిగి పోవాల్సొచ్చేది. గెలిచారు కాబట్టి పీఠభూమి మీద ఒక నిలవ కొట్టం దొరికింది, మే నెలలో అంత చెడ్డా వెనక్కొచ్చి తలదాచుకోవడానికి ఒక చోటు దొరికింది. ఆ గోడ విలువ గోడలో లేదు, దాని వెనకున్న గిడ్డంగిలో ఉంది. ఇంత ఒప్పుకున్నాక వాడు కొంచెం చల్లబడ్డాడు, ఇంకో కాఫీ చెప్పాడు. డబ్బులు నావే అనుకోండి.

ఈ పరీక్షకి ఒక చిక్కుంది, అది కూడా చెప్పాలి. మెట్లు మనం గీసుకున్నవి. ఉత్తరాలు పట్టుకున్న రౌతు చేసింది చాలా చిన్న ఎత్తుగడ, పది మంది కలిసి ఒకణ్ణి చెట్ల చాటున పట్టుకోవడం. దాని దెబ్బ మాత్రం పై మెట్టుకి తగిలింది. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో ముందే గీత గీసి చెప్పలేం.

1791 జూలై నుంచి 1792 జనవరి దాకా పెద్ద యుద్ధం ఒక్కటీ లేదు, అందుకని వీడియోలు ఆ భాగాన్ని అర నిమిషంలో దాటేస్తాయి. నా దృష్టిలో ఈ యుద్ధంలో అందరికన్నా తెలివైన పని అప్పుడే జరిగింది. వారాంతం సెలవు దొరికితే బెంగళూరు కుర్రాళ్ళు ఎక్కే కొండలన్నీ అందులో ఉన్నాయి. జూలైలో హోసూరు, రాయకోట పట్టుకున్నారు. దాంతో తమిళ మైదానం నుంచి పాలక్కోడు కనుమ మీదుగా బళ్ళు నేరుగా పైకి రావడానికి దారి తెరుచుకుంది. అక్టోబరు 19 తెల్లవారకముందే నంది కొండ తీసుకున్నారు. ఉత్తరం నుంచి, నిజాం రాజ్యం నుంచి వచ్చే ధాన్యానికి అది అడ్డంగా ఉండేది. డిసెంబరు 21న సావనదుర్గ తీసుకున్నారు. బెంగళూరుకీ శ్రీరంగపట్నానికీ మధ్య, మాగడి పక్కన ఉన్న ఆ ఒంటి రాతి కొండ మీద టిప్పు దండు ఉన్నంతకాలం కింద పోయే ఎద్దుల బారుకి భద్రత లేదు. చూడండి, ఒక్క కొండా కొండ కోసం తీసుకోలేదు. ప్రతిదాని కిందా ఒక దారి ఉంది.

కోటలకన్నా పెద్ద మార్పు ఎద్దుల విషయంలో వచ్చింది. అప్పటిదాకా కంపెనీ సొంత ఎద్దుల్నీ బాడుగ ఎద్దుల్నీ నమ్ముకుంది. వాటికి జబ్బొస్తే పట్టించుకునే నాథుడు లేడు, ఎద్దు చస్తే తోలేవాడి సొమ్మేం పోదు. ఇప్పుడు బంజారాల్ని పిలిచారు. మనం లంబాడీలు, సుగాలీలు అంటామే, వాళ్ళే. తరతరాలుగా ఎద్దుల మందల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని దక్కన్ అంతా తిరిగే వర్తకులు. ఎద్దు వాళ్ళది, సరుకు వాళ్ళది. శిబిరానికి తెచ్చి బజారు ధరకి అమ్ముకోవచ్చు, మంచి ధర ఇస్తాం, దోచుకోం అన్నది ఒప్పందం. ఎక్కడ గడ్డి దొరుకుతుందో, ఏ వాగు ఎప్పుడు దాటొచ్చో వాళ్ళకి తెలుసు. ఎద్దు బతకడంలో వాళ్ళకి లాభం ఉంది. అంబూరు వైపు ఉండి వాళ్ళని కూడగట్టినవాడు కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్. గోడ ఎక్కిన వీరుల జాబితాలో అతని పేరు కనబడదు.

1792 ఫిబ్రవరి 6 రాత్రి శ్రీరంగపట్నం మీద మూడు బారులుగా పడ్డారు. పెద్ద ఫిరంగులు తీసుకెళ్ళకుండా, చీకట్లో, మిత్రులకి కూడా చివరి నిమిషం దాకా చెప్పకుండా. తెల్లారేసరికి కోట బయటి శిబిరాలు చాలావరకూ పోయాయి, దీవి మీద సగం చోటు చిక్కింది. ఈసారి వెనక ఆకలి లేదు. అందుకే ఆగి, ముట్టడికి కూర్చోగలిగారు.

ఇక మూడో మెట్టు. టిప్పు నిజంగా ఓడింది ఇక్కడే, అదీ యుద్ధం మొదలవక ముందే.

పన్నెండేళ్ళు వెనక్కి వెళ్దాం. 1780లో పరిస్థితి తలకిందులుగా ఉండేది. టిప్పు తండ్రి హైదర్ అలీ, నిజాం, మరాఠాలు ఒక పక్క, కంపెనీ ఒంటరి. మద్రాసులోని కంపెనీ వాళ్ళు గుంటూరుని నిజాం సోదరుడు బసాలత్ జంగ్ దగ్గర కౌలుకి పట్టి నిజాంని మండించారు. ఆ గుంటూరు నుంచే దక్షిణానికి దిగిన బెయిలీ దళాన్ని 1780 సెప్టెంబరు 10న కాంచీపురం దగ్గర పొల్లిలూరులో హైదర్, టిప్పు తుడిచిపెట్టేశారు. కంపెనీకి ఈ దేశంలో అంత దెబ్బ అంతకుముందు తగల్లేదు. ఎత్తుగడలో అంతకు మించిన గెలుపు ఉండదు. అప్పటి గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ ఏం చేశాడు? గుంటూరు వెనక్కిచ్చి నిజాంని చల్లబరిచాడు. 1782లో సాల్బాయి సంధితో మరాఠాల్ని పక్కకి తప్పించాడు. రెండేళ్ళలో హైదర్ ఒంటరి అయ్యాడు. పొల్లిలూరు గెలుపు గోడ మీద బొమ్మగా మిగిలింది. శ్రీరంగపట్నంలో దరియా దౌలత్ తోట భవనంలో ఇప్పటికీ చూడొచ్చు, చాలా బాగుంటుంది.

టిప్పు ఆ పాఠం నేర్చుకోలేదు. 1786లో ఆదోని మీద పడ్డాడు. ఆదోని నిజాం సోదరుడి కొడుకు చేతిలో ఉండేది. మంచి కోట, పట్టుకున్నాడు, గోడలు కూల్పించాడు. మరుసటేడు గజేంద్రగఢ్ సంధిలో దాన్ని వెనక్కి ఇచ్చేశాడు. లెక్క చూస్తే ఊరు దక్కలేదు, పగ మాత్రం దక్కింది. ఒకడు గుంటూరు వెనక్కిచ్చి స్నేహం కొనుక్కున్నాడు, ఇంకొకడు ఆదోని తీసుకుని, ఇచ్చి, శత్రువుని కొనుక్కున్నాడు. 1789 డిసెంబరులో కంపెనీకి మిత్రరాజ్యమైన తిరువితాంకూరు గోడల మీద దాడి చేసి కంపెనీకి సాకు కూడా చేతికిచ్చాడు. 1790 జూన్, జూలైల్లో మరాఠాలు, నిజాం ఇద్దరూ కంపెనీతో ఒప్పందాలు రాసుకున్నారు. ఫ్రాన్సు రాజు పదహారో లూయీ దగ్గరికి టిప్పు రాయబారులు 1788లో వెళ్ళారు, మర్యాదలు దొరికాయి, సైన్యం దొరకలేదు. ఏడాది తిరిగేసరికి ఆ రాజు ఇల్లే కూలడం మొదలైంది. అలా మే 1791లో తన తెలివంతా వాడి ఒక సైన్యాన్ని ఆకలితో వెనక్కి పంపినా, దారిలో ఎదురొచ్చిన రెండో సైన్యం దాన్ని బతికించింది. మిత్రుడి బజారు ఎదురైందంటే అది మహానీతి వేసిన భోజనం.

మిత్రులు ఊరికే రారు, అది వేరే సంగతి. యుద్ధం మధ్యలో పరశురాంభావు తనకి లాభమున్న శివమొగ్గ వైపు వెళ్ళిపోయాడు, అవసరానికి అందలేదు. నిజాం సైన్యం గుర్రంకొండ ముందు నెలల తరబడి కూర్చుంది. ముగ్గురూ గెలిచినదాన్ని సమానంగా పంచుకోవాలని ముందే రాసుకున్నారు కాబట్టి కారన్‌వాలీసు కిక్కురుమనలేదు.

చివరి నిర్ణయం చూడండి. 1792 మార్చిలో సంధి కుదిరింది. టిప్పు ఇవ్వాల్సింది సగం రాజ్యం, 3 కోట్ల 30 లక్షల రూపాయలు, పూచీకి ఇద్దరు కొడుకులు. శ్రీరంగపట్నం కోట మాత్రం కారన్‌వాలీసు వదిలేశాడు. మైసూరుని పూర్తిగా తుడిచేస్తే రేపు మరాఠాలకి అడ్డు ఎవరన్నది అతని లెక్క. కంపెనీ వాటాకి మలబారు, కొడగు, దిండిగల్లు, బారామహల్ తీసుకున్నాడు. మ్యాపు పెట్టుకుని చూస్తే వీటిలో చాలావరకూ పీఠభూమి మీదికి ఎక్కే దారులే. ఎద్దుల పాఠం సంధి పత్రంలోకి ఎక్కింది. 1799లో మళ్ళీ యుద్ధం వచ్చినప్పుడు ఫిబ్రవరిలో వేలూరు నుంచి బయల్దేరిన దండు మే 4కి శ్రీరంగపట్నం తీసేసుకుంది.

అప్పట్లో దండులో కుర్ర అధికారిగా ఉన్న థామస్ మన్రోకి 1792 సంధి నచ్చలేదు. చేతికి చిక్కినవాణ్ణి వదిలేశారు, ఇలా మెత్తబడితే ఎట్లా అని ఇంటికి రాసిన ఉత్తరాల్లో సణుక్కున్నాడు. ఎత్తుగడ మెట్టు మీద నిలబడి చూస్తే అతని మాట నిజమే.

సంధిలో నిజాం వాటాకి మా కడప సీమ వెళ్ళింది. నిజాం సంబరపడే ఉంటాడు. 1795లో ఖర్దా దగ్గర మరాఠాలు నిజాంని చావుదెబ్బ కొట్టినప్పుడు కంపెనీ చేతులు కట్టుకుని చూసింది. భయంతో నిజాం 1798లో కంపెనీ సైన్యాన్ని తన ఖర్చుతో పెట్టుకోవడానికి ఒప్పుకున్నాడు. ఆ ఖర్చు కింద 1800లో, తను 1792లోనూ 1799లోనూ గెలుచుకున్నదంతా కంపెనీకి రాసిచ్చేశాడు. కడప, బళ్ళారి, అనంతపురం అలా దత్త మండలాలయ్యాయి. ఎనిమిదేళ్ళలో టిప్పు నుంచి నిజాంకి, నిజాం నుంచి కంపెనీకి. ఈ రెండోసారి ఎవరూ ఏ గోడా ఎక్కలేదు.

కొత్త జిల్లాలకి మొదటి పెద్ద కలెక్టరుగా వచ్చినవాడు ఆ సణుక్కున్న మన్రోనే. మా తాత తరంలో మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవాళ్ళు ఉండేవారట. ఆ సంగతి చెప్తే మా వాడు బండి దిగుతూ, "అయితే మనం ఏ మెట్టు మీద ఓడినట్టు మామా?" అని అడిగాడు. పీజీ గేటు వేసే వేళయింది. రేపు ఫోన్ చెయ్యి రా అన్నాను.